ఖాళీగా వదిలిన గడి

గోదావరిఖని చౌరస్తా నుంచి కాస్త లోపలికి వస్తే మా దుకాణం. జిరాక్స్, లామినేషన్, పెళ్లి కార్డులు, ఆదివారం ఆరాధనలో పంచే పాటల కాగితాలు, యూనియన్ వాళ్ల కరపత్రాలు, అన్నీ ఇక్కడే. అనువాదం కూడా చేస్తానని బోర్డు మీద రాయించుకున్నాను గానీ, ఎవరైనా ఆ పని మీద వస్తే ముందు నేనే ఉలిక్కిపడతాను. మామూలుగా వచ్చేది కోర్టు నోటీసో, పెన్షన్ కాగితమో. అందుకే ఆ సేఫ్టీ ఆఫీసరు ఒక ఫారం చేతిలో పట్టుకుని వచ్చినప్పుడు, నాకు తెలిసిన పనే కదా అనుకున్నాను.

ఆయన వేరే రాష్ట్రం మనిషి. బొగ్గును నలగ్గొట్టి, జల్లెడ పట్టి, బెల్టుల మీద రైలు దాకా పంపే ప్లాంటు ఒకటి ఉంది. దాన్ని నడిపే ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర ఆయన ఉద్యోగం. తెలుగు మాట కొద్దిగా అర్థమవుతుంది, అక్షరం మాత్రం రాదు. మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. అదే ప్లాంటులో మా తమ్ముడు ఫిట్టరు. నాన్న బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు, తమ్ముడికి ఆ బొగ్గు కంపెనీలో ఉద్యోగం రాలేదు, కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ఈ ఫారం నింపబోయేవాళ్లలో వాడూ ఒకడని తెలిసి, నేను దానిమీద మామూలుకన్నా ఎక్కువ చాదస్తం చూపించాను.

ఫారం అంటే ఏదైనా పని మొదలుపెట్టేముందు నింపే కాగితం. పైన ఖాళీ గీతలు: తేదీ, షిఫ్టు, చోటు, పని పేరు, చేసేవాళ్ల పేర్లు. కింద పట్టిక: పనిలో ఒక్కో మెట్టు, అందులో ఏం జరగవచ్చు, జరగకుండా ఏం చేస్తాం. దానికింద ప్రమాదాల జాబితా, ఒక్కోదాని ముందు ఒక్కో గడి. ఎత్తు, ధూళి, నిప్పు, కరెంటు, పైనుంచి రాలే బొగ్గు, కదిలే యంత్రం, అట్లా. పనిలో ఏ ప్రమాదం ఉందో ఆ గడిలో టిక్ పెట్టాలి. అన్నిటికీ కింద ఆఫీసరు నింపే భాగం: షట్‌డౌన్ కావాలా, వద్దా, ఆపైన సంతకం. షట్‌డౌన్ అంటే ఆ యంత్రానికి కరెంటు తీసేసి, ప్యానెల్ గదిలో దాని స్విచ్చుకు తాళం వేయడం. ఆ తాళం ఉన్నంతసేపూ ఎవరు బటన్ నొక్కినా యంత్రం కదలదు.

ఇన్నాళ్లూ ఆ ఫారం ఇంగ్లీషులో ఉండేది. సూపర్‌వైజరు ఆఫీసులో కూర్చుని నింపేవాడు, పనివాళ్లు చివర సంతకాలు పెట్టేవాళ్లు. తాము దేనికి సంతకం పెడుతున్నారో వాళ్లకు తెలిసేది కాదు. పైనుంచి ఎవరో వచ్చి చూసి, పనివాళ్లే తమ భాషలో నింపాలని చెప్పారట. మంచి మాటే. నాకు ఆ మాట చాలా నచ్చింది.

"ఒక్క షరతు మేడమ్," అన్నాడు ఆఫీసరు. "గడులు ఇంగ్లీషు ఫారంలో ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. ఒక్కటి కూడా జరగకూడదు. నాకు తెలుగు చదవడం రాదు కాబట్టి చోటును బట్టి చూసుకుంటాను. రెండో వరసలో మూడోది అంటే ఏమిటో నాకు కంఠతా వచ్చు."

సరే అన్నాను. అనడం తేలిక. మన తెలుగు వాక్యం ఆ ఇంగ్లీషు ముక్క పక్కన కూర్చోమంటే కాళ్లు బారచాపుకుని కూర్చుంటుంది. మొదటిసారి మొత్తం అక్షరాలను ఒక్కసారిగా తెలుగు ఫాంటులోకి మార్చాను. గడులన్నీ మాయమై వాటి చోట ఇంగ్లీషు అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆ గడులు నిజంగా గడులు కావు, వేరే ఫాంటులోని గుర్తులు. ఒక్కొక్కదాన్నీ మళ్లీ పెట్టుకొచ్చాను. పట్టికలో వరసల ఎత్తు బిగించి ఉంచారు, దాంతో ఒత్తులన్నీ కింద తెగిపోయాయి. ఎత్తు వదులు చేస్తే సంతకాల భాగం రెండో పేజీకి పరుగెత్తింది. రెండో పేజీలో సంతకం ఉన్న ఫారాన్ని మా ఊళ్లో ఎవరూ తిప్పి చూడరు, జిరాక్స్ కూడా ఒకవైపే తీస్తారు. కాబట్టి మాటలు కత్తిరించాను, మార్జిన్లు లాగాను, పని పేరు రాసే గీతను మాత్రం పొడుగ్గా ఉంచాను. మనవాళ్ల చేతిరాత పెద్దది కదా. చివరికి ఇంగ్లీషు కాగితం కింద, తెలుగు కాగితం పైన పెట్టి వెలుతురుకు పట్టి చూశాను. గడి మీద గడి కూర్చుంది. అంత గర్వం నాకు మా పెళ్లి కార్డు అచ్చయినప్పుడు కూడా కలగలేదు.

మొదటిరోజు వాడకం చూడ్డానికి రమ్మన్నాడు ఆఫీసరు. గీతలు సరిపోతున్నాయో లేదో నాకూ చూడాలనుంది. హెల్మెట్ పెట్టించి, అడ్డంగా ఒక తాడు కట్టి, దాని ఇవతల నిలబడమన్నారు. తాడు అవతల బెల్టు ఆగి ఉంది. బావి వైపు నుంచి బొగ్గు రాని సమయం. దాని చివర బెల్టును తిప్పే పెద్ద డ్రమ్ము, చుట్టూ ఇనుప జాలీ. తమ్ముడూ, వాడితో ఇంకో ఇద్దరూ ఒక ఇనుప పెట్టె మీద కాగితం పెట్టుకుని నింపుతున్నారు.

"ఏంది అక్కా, మమ్మల్ని పరీక్ష రాయించవడితివి," అన్నాడు తమ్ముడు.

"కాపీ కొట్టకుండ రాయి. నీ రాత అసలే కోడి గెలికినట్టుంటది," అన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు.

ఫారం పైన ఉన్న సూచనను నేనే గట్టిగా చదివి వినిపించాను. ఈ పనిలో ఉన్న ప్రమాదాలకు టిక్ పెట్టండి అని. వాళ్లు తలలూపారు. తమ్ముడు పని పేరు దగ్గర తన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: డ్రమ్ము దగ్గర కింది రోలరు మార్చుట. గీత సరిపోయింది. నాకు ఆనందం. తర్వాత వాడు ప్రమాదాల దగ్గరికి వచ్చాడు. కొన్నిటికి చకచకా టిక్‌లు పెట్టాడు, కొన్నిటి దగ్గర ఆగి, బెల్టు వైపు చూసి, వదిలేశాడు. ఆలోచించి నింపుతున్నాడని ముచ్చటపడ్డాను. కాగితం ఆఫీసరుకు ఇచ్చి జాలీ వైపు వెళ్లాడు.

ఆఫీసరు దాన్ని అట్ట మీద బిగించి, వేలితో గడులు తాకుతూ వచ్చాడు. కింద తన భాగంలో ఒక టిక్ పెట్టి సంతకం చేశాడు. అటు తిరిగి చెయ్యెత్తి, "ఓకే, చలో," అన్నాడు. వాకీటాకీలో కంట్రోల్ రూముకు ఏదో చెప్పాడు. తర్వాత నాకు కాగితం చూపించాడు, తన కష్టం కూడా అందులో ఉన్నట్టుగా.

"చూశారా మేడమ్, ఒక్క అక్షరం చదవకుండానే అయిపోయింది."

నేను కాగితం చూశాను. ముందు నా కళ్లు గీతల మీదికే పోయాయి, అదే నా పిచ్చి. తర్వాత గడుల మీదికి వచ్చాయి. ఎత్తు, టిక్. ధూళి, టిక్. నిప్పు, టిక్. పైనుంచి రాలే బొగ్గు, ఖాళీ. కదిలే యంత్రం, ఖాళీ.

అచ్చులో ఏదో తేడా వచ్చిందనుకున్నాను. బెల్టు కింద రోలరు మార్చే పనిలో నిప్పేమిటి? అక్కడ వెల్డింగు లేదు, ఏమీ లేదు. బెల్టు ఎదురుగానే ఉంది, కదిలే యంత్రం ఎందుకు ఖాళీ? కింద ఆఫీసరు టిక్ చూశాను. షట్‌డౌన్ అవసరం లేదు అన్న గడిలో ఉంది.

"సార్, బెల్టుకు తాళం వేశారా?"

"ఎందుకు మేడమ్? ఇందులో యంత్రం పని లేదు కదా. వాళ్లు టిక్ పెట్టలేదు. రోలర్లు మోసుకెళ్లి అక్కడ పేర్చిపెట్టడమే. సూపర్‌వైజరు పొద్దున ఫోన్లో రోలర్ల పని అన్నాడు."

పని పేరు వాడు రాసే ఉన్నాడు. పెద్ద అక్షరాలతో, నేను పొడుగ్గా ఉంచిన గీత మీద, ఆయన చదవలేని భాషలో.

తల ఎత్తి చూశాను. జాలీ అప్పటికే ఊడి పక్కన పడి ఉంది. తమ్ముడు డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, బోల్టుకు చెయ్యి అందడం లేదని ఒక గ్లోవు తీసి బెల్టు మీద పెట్టి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు.

నాకు నోట మాట రాలేదని రాయడం అబద్ధం. వచ్చింది. నా జన్మలో అంత గట్టిగా అరిచి ఉండను. "తమ్మీ, చెయ్యి తియ్. బెల్టుకు తాళం లేదు. చెయ్యి తియ్." వాడు అక్క ఏదో ఎగతాళి చేస్తున్నదనుకుని నవ్వుతూనే ఇటు చూశాడు. నా మొహం చూశాక చెయ్యి తీసి లేచాడు. ఏందన్నట్టు రెండడుగులు ఇవతలికి వచ్చాడు. మిగతా ఇద్దరూ లేచారు.

అప్పుడు సైరను మోగింది. బెల్టు కదిలింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అదే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. వాడు బెల్టు మీద పెట్టిన గ్లోవు మెల్లగా జరిగి, డ్రమ్ము కిందికి వెళ్లిపోయింది. ఇంకొకతను బెల్టును ఆపడానికి దాని పక్కనే కట్టి ఉండే తాడు గుంజాడు, అంతా ఆగింది. గ్లోవు మాత్రం బయటికి రాలేదు.

ఆఫీసరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. వాకీటాకీలో కంట్రోల్ రూము వాళ్లు ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని అడుగుతున్నారు. బొగ్గు వస్తోందని, పని ఏమీ లేదని తెలిసింది కాబట్టే నడిపామని అంటున్నారు. తమ్ముడు నిలబడి తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. దాన్ని కొత్తగా ఎవరో తెచ్చి తగిలించినట్టు వేళ్లు మూసి తెరుస్తున్నాడు.

నాకు కోపం వచ్చింది. భయం ఎక్కువైతే నాకు వచ్చేది కోపమే, ఇంట్లో అందరికీ తెలుసు. ఆఫీసరు అట్ట మీంచి ఆ కాగితం లాక్కుని, తాడు దాటి వెళ్లి వాడి మొహం ముందు ఆడించాను.

"కండ్లు దొబ్బినయా నీకు? కదిలే యంత్రం అని రాసున్నది. ఎందుకు టిక్ పెట్టలే? నేను చదివిన గదరా, ఉన్న ప్రమాదానికి టిక్ పెట్టుమని."

వాడు నన్ను వింతగా చూశాడు. "ప్రమాదానికి టిక్ ఎట్ల పెడతరక్కా? అది మంచిగ లేదు గదా, అందుకే ఇడిసిపెట్టిన. బెల్టుకు తాళం పడలే, పైన బొగ్గు యాలాడుతున్నది. ఆ రెండు బాగలేవు. మిగిలినయి చూసిన, నడుముకు సేఫ్టీ బెల్టు కట్టుకున్న, మాస్కు ఉన్నది, నిప్పు ఏం లేదు. మంచిగున్నయి. టిక్ పెట్టిన."

మిగతా ఇద్దర్నీ చూశాను. వాళ్లు కూడా, ఇందులో అడగడానికేముందన్నట్టు చూస్తున్నారు. అప్పుడు నాకు తట్టింది. ఇక్కడ ప్రతి షిఫ్టులో, బండి ఎక్కేముందు డ్రైవరైనా, యంత్రం ముట్టేముందు ఫిట్టరైనా ఒక తనిఖీ కాగితం నింపుతారు. బ్రేకు, టిక్. లైటు, టిక్. హారన్ పని చేయడం లేదా, ఖాళీగా వదిలేస్తారు, మెకానిక్ వచ్చి ఖాళీలు వెతుక్కుని బాగుచేస్తాడు. వాళ్ల జీవితమంతా టిక్ అంటే బాగుంది, ఖాళీ అంటే బాగాలేదు, ఎవరైనా వచ్చి చూడండి అని. మా నాన్న కూడా అట్లాంటివి నింపినవాడే. ఇంగ్లీషు ఫారం సూపర్‌వైజరు ఆఫీసులో నింపినన్నాళ్లు ఈ రెండు అలవాట్లు ఎదురుపడనే లేదు. మేం తెలుగులో అచ్చేసి, మొదటిసారి వాళ్ల చేతికిచ్చి, ఎదురుపడేలా చేశాం.

"మరి బాగలేదని రాసి ఎందుకు చెయ్యి పెట్టినవ్?" అని అడిగాను.

"సారు చూసిండు గదా అక్కా. ఖాళీలు చూసి, తాళం ఏపిచ్చి, సంతకం పెట్టి, ఓకే అన్నడనుకున్న. చూడకుండ సంతకం ఎట్ల పెడతడు?"

ఆయన చూశాడు. అదే ఘోరం. ఒక్కో గడినీ వేలితో తాకి మరీ చూశాడు. ఖాళీ గడి చూసి ఆయన ఆ ప్రమాదం లేదనుకున్నాడు. ఆయన సంతకం చూసి వీడు ఆ ప్రమాదం పోయిందనుకున్నాడు. ఇద్దరూ తమ పని తాము సక్రమంగా చేశారు. ఫారంలో ఒక్క మాట తప్పు లేదు, ఒక్క గడి జరగలేదు. వెలుతురుకు పట్టి చూసుకున్నాను కదా, గడి మీద గడి.

నేను ఈ మాటలు హిందీలో ఆఫీసరుకు చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి చెప్పాక నెమ్మదిగా అక్కడే ఉన్న ఇనుప పెట్టె మీద కూర్చున్నాడు. "నేను ఆ ఖాళీలు చూసి సంతోషించాను మేడమ్," అన్నాడు. "ఈరోజు పని తేలిక అనుకున్నాను."

తమ్ముడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. వాడికి హిందీ బాగానే వచ్చు, అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నేను ఒర్లినట్టే గదక్కా, ఖాళీ పెట్టిన్నంటే. సారుకు ఇనబడలే."

వాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. గ్లోవు లేని చెయ్యి, నల్లగా, వెచ్చగా ఉంది. వాడు సిగ్గుపడి లాక్కోబోయాడు, నేను వదల్లేదు.

ఆరోజు పని ఆపేశారు. ఇంటికి వెళ్లాక మరదలికి ఏం చెప్పాలో తెలియక, ఫారం బాగా వచ్చిందా వదినా అని ఆమె అడిగితే, వచ్చింది అన్నాను. కళ్లు మూసుకుంటే ఆ గ్లోవు జరుగుతూ కనిపించేది.

మళ్లీ ఆ ఫైలు తెరిచాను. ఈసారి ఒక్కో ప్రమాదం పక్కన ఒక గడి కాదు, రెండు పెట్టాను: ఉంది, లేదు. ఏదో ఒకదానిలో గుర్తు పడాల్సిందే, ఏ వరసా ఖాళీగా ఉండకూడదు, ఖాళీ ఉన్న కాగితం మీద సంతకం చెల్లదు అని కింద పెద్ద అక్షరాలతో వేశాను. ఆఫీసరు చోటును బట్టి చూసుకోవడానికి ఇంగ్లీషు ఫారాన్ని కూడా అట్లాగే మార్చమన్నాను, మార్చాడు. పని పేరు గీత కింద ఇంకో గీత చేర్చాను, అక్కడ సూపర్‌వైజరు ఆ పని పేరునే ఆఫీసరు చదవగలిగే భాషలో రాయాలి. చోటు సరిపోక శీర్షికను చిన్నది చేశాను. అందం కొంత పోయింది. పోనీ.

కొత్త ఫారం మొదలుపెట్టిన రోజు కూడా నేను వెళ్లాను, ఈసారి ఎవరూ పిలవకపోయినా. అదే చోటు, అదే రోలరు, అదే పని. తమ్ముడు వరసగా నింపుకుంటూ వచ్చాడు. కదిలే యంత్రం దగ్గర వాడి కలం ఆగిపోయింది. ఉంది అన్న గడి మీదే ఉంది కలం, కానీ కిందికి దిగడం లేదు. ఇన్నేళ్లుగా బాగున్నదానికే టిక్ పెట్టిన చెయ్యి కదా, ప్రమాదం పక్కన పెట్టడానికి ఒప్పుకోలేదు. వాడు నావైపు చూశాడు.

పెట్టాడు. అడుగున ఉన్న కాగితం మీద కూడా అచ్చుపడేంత గట్టిగా.

ఆ కాగితాన్ని ఆఫీసరుకు ఇవ్వలేదు. తెచ్చి నా చేతికిచ్చాడు.

"గట్టిగ సదువక్కా. నేనేం చెప్పిన్నో సారుకు ఇనబడాలె."

చదివాను. బెల్టు కదులుతుంది, తాళం పడలేదు. పైన బొగ్గు వేలాడుతోంది. ఒక్కో వరస తెలుగులో, వెంటనే హిందీలో. ఆఫీసరు నిలబడి విన్నాడు. విన్నాక సంతకం చేయలేదు. కలం జేబులో పెట్టుకుని, తాళం తీసుకుని, ప్యానెల్ గది వైపు తానే నడిచాడు. ఆయన వెనకే మా తమ్ముడు కూడా వెళ్లాడు, తాళం పడటం కళ్లారా చూడ్డానికి. వాళ్లు తిరిగి వచ్చేదాకా కాగితం నా చేతిలోనే ఉంది, సంతకం చోటు ఇంకా ఖాళీగా.